అమ్మ తర్వాత ఫ్యామిలీ పెన్షన్ అక్కకా, చెల్లికా?

ప్రశ్న: మా నాన్నగారు తపాలా శాఖలో పోస్టల్ అసిస్టెంట్‌గా పనిచేసి 2006లో రిటైరయ్యారు, 2015లో కాలం చేశారు. అప్పటి నుంచి ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్న అమ్మ 2024 ఫిబ్రవరిలో, 81వ ఏట పోయింది. మా అక్కకు 53 ఏళ్లు, పెళ్లి చేసుకోలేదు, చిన్న ప్రైవేటు బడిలో టీచరు. నాకు 45. 2016 నుంచి భర్తకు దూరంగా పుట్టింట్లోనే ఉంటున్నాను. 2019లో విడాకులకు కేసు వేశాను, డిక్రీ మాత్రం 2025 జూన్‌లో వచ్చింది. కుట్టుపని చేసుకుంటూ కొడుకును చదివించుకుంటున్నాను. ఉద్యోగం ఉన్న తమ్ముడి ఇంట్లోనే అందరం ఉంటాం. ఆఫీసులో ఒకరు విడాకులు అమ్మ పోయాక వచ్చాయి కాబట్టి నాకు రాదన్నారు. ఇంకొకరు అక్క సంపాదిస్తోంది కాబట్టి ఆమెకూ రాదన్నారు. మరొకరు తమ్ముడు పోషిస్తున్నాడు కదా, మీరు ఆధారపడినవాళ్లు ఎలా అవుతారని అడిగారు. మాలో ఎవరికైనా వస్తుందా?
— ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: అమ్మా, మీ వివరాలను బట్టి చూస్తే ఈ పెన్షన్ ప్రస్తుతం మీ అక్కగారికి రావాలి. ఆమె ఎప్పుడైనా అనర్హురాలైతే, ఆనాటికి మీ ఆదాయం పరిమితి లోపల ఉంటే, తర్వాతి వంతు మీది. ఆఫీసులో మీరు విన్న మూడు మాటల్లో ఒక్కటి కూడా రూలు ముందు పూర్తిగా నిలబడదు. అయితే ఆ మూడింటికీ మూలంలో మూడు వేర్వేరు ప్రశ్నలు ఉన్నాయి కాబట్టి వాటిని విడివిడిగా చూడాలి.

మీ నాన్నగారు కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగి. ఆయన కుటుంబానికి వర్తించేది సెంట్రల్ సివిల్ సర్వీసెస్ పెన్షన్ రూల్స్, 2021లోని 50వ రూలు. అంతకుముందు 1972 నాటి రూల్స్‌లో ఇదే విషయం 54వ రూలు కింద ఉండేది, పాత ఉత్తర్వుల్లో ఆ నంబరే కనిపిస్తుంది. ఒకప్పుడు కూతురికి 25 ఏళ్లు నిండితే పెన్షన్ ఆగిపోయేది. 2004 ఆగస్టు ఉత్తర్వులతో భర్త చనిపోయిన, విడాకులు పొందిన కూతుళ్లకూ, 2007 సెప్టెంబరు ఉత్తర్వులతో పెళ్లికాని కూతుళ్లకూ ఆ వయోపరిమితి తొలగింది. కాబట్టి 53 ఏళ్ల వయసు గానీ, 45 ఏళ్ల వయసు గానీ మీ ఇద్దరికీ అడ్డంకి కాదు.

ముందుగా ఆధారపడడం అంటే ఏమిటో చూద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో గందరగోళమంతా అక్కడే మొదలైంది. మామూలు మాటల్లో ఆధారపడడం అంటే ఎవరి ఇంట్లో ఉంటున్నారు, ఎవరి తిండి తింటున్నారు, ఎవరు మందులు కొనిపెడుతున్నారు అనే అర్థం వస్తుంది. పెన్షన్ రూలు ఆ దారిన పోదు. కూతురి సొంత నెలసరి ఆదాయం, కనీస ఫ్యామిలీ పెన్షన్‌నూ దానిపై వచ్చే కరువు భృతినీ కలిపిన మొత్తం కంటే తక్కువగా ఉంటే, ఆమె తల్లిదండ్రులపై ఆధారపడి ఉన్నట్టే లెక్క. ఆ మొత్తంతో సమానమైనా, దాన్ని దాటినా, తనను తాను పోషించుకోగలిగినట్టు లెక్క. ఈ పోలికలో మీ తమ్ముడి జీతానికి చోటు లేదు. ఆయన ఇంట్లో మీరు ఉండడం ఆయన మంచితనమే తప్ప మీ ఆదాయం కాదు.

కనీస ఫ్యామిలీ పెన్షన్ నెలకు 9,000 రూపాయలు. దానిపై కరువు భృతి ఆరు నెలలకోసారి మారుతూ ఉంటుంది కాబట్టి, పరిమితి కూడా ఒకచోట ఆగదు. మీ అమ్మగారు పోయిన 2024 ఫిబ్రవరి నాటికి కరువు భృతి 50 శాతం. ఆ పెంపును మార్చిలో ప్రకటించినా అది అమలైంది జనవరి 1 నుంచి. అంటే ఆ రోజున పరిమితి 9,000కు 4,500 కలిపి 13,500 రూపాయలు. 2025 జూలై నుంచి కరువు భృతి 58 శాతం అయింది కాబట్టి అప్పటి నుంచి పరిమితి 14,220 రూపాయలు. 9,000 దాటితే చాలు పెన్షన్ పోయినట్టేనని చాలామంది అనుకుంటారు, కొన్నిచోట్ల గుమాస్తాలు కూడా అలాగే చెబుతారు. కరువు భృతిని కలపడం మరిచిపోయిన లెక్క అది.

మీ అక్కగారి ఆదాయం మీరు రాయలేదు కాబట్టి ఒక ఊహాలెక్క వేసి చూపిస్తాను, అసలు అంకెలు మీరు వేసుకోండి. 2024 ఫిబ్రవరిలో ఆమెకు బడిలో 9,500 రూపాయల జీతం వచ్చిందనీ, ఆమె పేరున ఉన్న ఫిక్స్‌డ్ డిపాజిట్‌పై ఏడాదికి 18,000 వడ్డీ వచ్చిందనీ అనుకుందాం. వడ్డీని నెలకు పరిస్తే 1,500. మొత్తం 11,000 రూపాయలు, 13,500 కంటే తక్కువ. ఉద్యోగం చేస్తున్నా ఆమె రూలు ప్రకారం ఆధారపడిన కూతురే. కాబట్టి, సంపాదిస్తోంది కనుక రాదన్న మాట సగమే నిజం. ఎంత సంపాదిస్తోందన్నదే అసలు ప్రశ్న. జీతం ఒక్కటే చూపించి వడ్డీనీ అద్దెనూ వదిలేయకూడదు, అన్ని వైపుల నుంచి వచ్చే ఆదాయమూ లెక్కలోకి వస్తుంది.

ఇక్కడే ఒక చిక్కు పొంచి ఉంటుంది. అమ్మగారు పోయాక ఆమె డిపాజిట్లు పిల్లలకు పంపకమై, అక్కగారి వాటా మీద నెలకు మరో 1,500 వడ్డీ వస్తోందనీ, బడి జీతం 10,000 అయిందనీ అనుకుందాం. ఇప్పుడు మొత్తం 13,000. పరిమితి 14,220కి పెరిగింది కాబట్టి ఆమె ఇంకా లోపలే ఉన్నారు, కానీ తేడా బాగా తగ్గిపోయింది. ఇంటి అద్దె లాంటిది ఇంకొకటి తోడైతే గీత దాటుతారు. అర్హతను ఒక్కసారి నిరూపించుకుంటే అది జీవితాంతం ఉండిపోదు. ఆదాయం పరిమితిని చేరిన నాటి నుంచి పెన్షన్ ఆగుతుంది, ఆ సంగతి దాచి తీసుకున్న సొమ్మును తర్వాత వసూలు చేస్తారు.

ఇక మీ విడాకుల సంగతి. 2013 సెప్టెంబరు 11న పెన్షన్ శాఖ ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం కూతురి అర్హతను రెండు తేదీల్లో చూడాలి. మొదటిది తల్లిదండ్రుల్లో ఆఖరివారు మరణించిన తేదీ, లేదా వారు పెన్షన్‌కు అనర్హులైన తేదీ. రెండోది ఆ కూతురికి వంతు వచ్చిన తేదీ. రెండు రోజుల్లోనూ ఆమె అన్ని షరతులకూ సరిపోవాలి. తల్లి పోయేనాటికి కాపురంలో ఉన్న కూతురికి ఆ తర్వాత భర్త చనిపోయినా, ఆ తర్వాతే విడాకుల ఆలోచన వచ్చినా ఈ పెన్షన్ రాదు, ఎందుకంటే తల్లి మరణించిన రోజున ఆమె తల్లిపై ఆధారపడిన మనిషి కాదన్నది రూలు వెనక ఉన్న తర్కం. మీకు రాదని చెప్పిన ఉద్యోగి ఇక్కడి వరకే చదివి ఉంటారు.

ఆ తర్కం కోర్టుల్లో జరిగే జాప్యానికి కూతుళ్లను బలిచేస్తోందని గుర్తించి, 2017 జూలై 19న ఇచ్చిన మరో ఉత్తర్వులో ఒక సడలింపు కల్పించారు. ఉద్యోగి లేదా పెన్షనరు గానీ, వారి జీవిత భాగస్వామి గానీ బతికి ఉండగానే తగిన కోర్టులో విడాకుల కేసు దాఖలై, డిక్రీ మాత్రం వారు పోయాక వస్తే, ఆ కూతురినీ అర్హురాలిగానే చూడాలి. మిగతా షరతులన్నీ సరిపోతే విడాకులు వచ్చిన తేదీ నుంచి పెన్షన్ ఇవ్వవచ్చు. మీరు 2019లో కేసు వేశారు, అమ్మగారు 2024లో పోయారు. డిక్రీ 2025లో వచ్చినా మీరు ఈ సడలింపులోకి సరిగ్గా వస్తారు.

ఈ సడలింపు ఆధారపడి ఉన్నది దాఖలు తేదీ మీద, అదీ విడాకుల కేసు దాఖలు తేదీ మీద. 2016లో మీరు పుట్టింటికి వచ్చేసినప్పుడు మనోవర్తి కోసం కేసు వేసి ఉండవచ్చు, గృహహింస కేసో 498ఏ కేసో పెట్టి ఉండవచ్చు, లేదా అటువైపు నుంచి కాపురానికి రావాలని పిటిషన్ వచ్చి ఉండవచ్చు. ఇవేవీ విడాకుల కేసులు కావు. తొమ్మిదేళ్లు విడిగా ఉన్నామని ఊరంతా సాక్ష్యం చెప్పినా, పెద్దమనుషుల ముందు రాసుకున్న కాగితం ఉన్నా, ఆఫీసు అడిగేది కోర్టు పిటిషన్ నంబరూ దానిపై ఉన్న తేదీనే. అలాగే 2019 నాటి కేసు వాయిదాలకు హాజరుకాక కొట్టివేతకు గురై, అమ్మగారు పోయాక కొత్తగా వేసిన కేసులో డిక్రీ వచ్చి ఉంటే, పాత తేదీని చూపించడం కష్టం. డిక్రీ మొదటి పేజీలో ఓ.పి. నంబరు పక్కన ఉండే సంవత్సరాన్ని ఒకసారి చూడండి. అది 2019 అయితే నిశ్చింతగా ఉండవచ్చు. కోర్టు గడప ఎక్కే స్తోమత లేక ఏళ్ల తరబడి విడిగా బతుకుతున్న ఆడవాళ్లను ఈ ఉత్తర్వు పూర్తిగా బయటే వదిలేసింది. నా దృష్టిలో అది న్యాయం కాదు, కానీ ఇప్పటికి రూలు అదే.

మీ ఆదాయాన్ని కూడా ముందుగా 2024 ఫిబ్రవరి నాటికే లెక్కవేయాలి. కుట్టుపని మీద నెలకు 8,000, భర్త నుంచి మధ్యంతర మనోవర్తి 4,000 వచ్చేదని అనుకుందాం. మనోవర్తిని ఆదాయంలో కలపాలా వద్దా అనే చర్చలోకి దిగకుండా, కలిపేసి చూపించడమే మీకు మంచిది. కలిపినా 12,000, అది 13,500 లోపలే ఉంది కాబట్టి దాచాల్సిన పనీ లేదు, రేపు ఎవరైనా వేలెత్తి చూపే అవకాశమూ ఉండదు.

మరి ఇద్దరూ అర్హులే అయితే ఎవరికి ఇస్తారు? పంచి ఇవ్వరు. 25 ఏళ్లు దాటిన పెళ్లికాని, భర్త చనిపోయిన, విడాకులు పొందిన కూతుళ్లందరినీ ఒకే వరుసలో పుట్టిన తేదీ ప్రకారం నిలబెడతారు. పెద్దవారు అనర్హులయ్యేదాకా చిన్నవారికి అర్హతే పుట్టదు. పెళ్లికాని కూతురికంటే విడాకులు పొందిన కూతురు ముందనో, పిల్లలున్న కూతురికి అవసరం ఎక్కువనో రూలు చూడదు. మీకు కొడుకు చదువు భారం ఉంది కాబట్టి అక్కగారు పెద్దమనసుతో తనకు వద్దు, చెల్లికి ఇవ్వండని రాసిస్తానంటారేమో. దానివల్ల ఉపయోగం ఉండదు. చిన్నవారి వంతు రావాలంటే పెద్దవారు అనర్హులు కావాలి. అక్కగారు మరణించినా, పెళ్లి చేసుకున్నా, ఆదాయం పరిమితిని చేరినా అది అనర్హత అవుతుంది. ఇష్టం లేకపోవడం అనర్హత కాదు. తీసుకున్న సొమ్మును ఇంట్లో మీరెలా ఖర్చు పెట్టుకుంటారన్నది మీ అక్కాచెల్లెళ్ల సొంత విషయం.

అక్కగారి వంతు అయిపోయి మీ వంతు వచ్చిన రోజున మీ ఆదాయాన్ని మళ్లీ కొలుస్తారు. ఈలోగా మీకు ఏ బొటిక్‌లోనో నెలకు 16,000 జీతం కుదిరి, ఆనాటి పరిమితి అంతకంటే తక్కువ ఉంటే, 2024లో మీరు అర్హులైనా ఆ రోజున కారు. మీరు మళ్లీ పెళ్లి చేసుకున్నా అంతే.

ఎంత వస్తుందన్నది మీరు అడగలేదు గానీ, మొదటి నెల పెన్షన్ చూసి తక్కువ వేశారని కంగారు పడేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి చెబుతున్నాను. అమ్మగారి బేసిక్ ఫ్యామిలీ పెన్షన్ 11,400 రూపాయలు అనుకుందాం. ఆమెకు 80 నిండాయి కాబట్టి వయసు రీత్యా మరో 20 శాతం, అంటే 2,280 అదనంగా వచ్చేది. ఆ అదనం పెన్షన్ తీసుకునే మనిషి వయసును బట్టి ఇచ్చేది, అది అమ్మగారితోనే పోయింది. అక్కగారికి 11,400 బేసిక్, దానిపై కరువు భృతి వస్తాయి. 58 శాతం లెక్కన 6,612 కలిపితే 18,012 రూపాయలు. అమ్మగారు పోయిన మర్నాటి నుంచి ఇప్పటిదాకా ఉన్న బకాయి కూడా, ఆయా నెలల్లో అమలులో ఉన్న కరువు భృతితో కలిపి రావాలి. పైన చెప్పిన ఆదాయ పరిమితిని ఈ పెన్షన్ సొమ్ముతో పోల్చకండి. పరిమితిని పోల్చేది ఫ్యామిలీ పెన్షన్ కాకుండా వచ్చే ఇతర ఆదాయంతోనే.

దరఖాస్తును పెన్షన్ ఇచ్చే పోస్టాఫీసు కౌంటర్‌లో కాదు, నాన్నగారు ఆఖరున పనిచేసిన కార్యాలయ అధిపతికి ఇవ్వాలి. అర్హతను తేల్చి మంజూరు కాగితాలు అకౌంట్స్ కార్యాలయానికి పంపాల్సింది ఆయనే. 2021 రూల్స్‌లో ఫారం 10 ఇందుకోసమే ఉంది. దానికి అమ్మానాన్నల మరణ ధ్రువపత్రాలు, వారి పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు అయిన పీపీఓ నకలు, తండ్రి పేరు ఉన్న అక్కగారి పదో తరగతి సర్టిఫికెట్, పెళ్లి కాలేదన్న ప్రమాణపత్రం, ఆదాయానికి రుజువు జతచేయండి. పీపీఓలో అక్కగారి పేరు లేకపోతే దిగులు పడకండి, సంబంధాన్ని చూపే మిగతా పత్రాలు గట్టిగా ఉండాలి. ఒకసారి కుటుంబ వివరాల్లో రాయించిన కూతురి పేరును పెళ్లయిందనో వయసు దాటిందనో తీసేయకూడదనీ, అర్హత ఉందా లేదా అన్నది మరణం తర్వాత చూడాల్సిన సంగతనీ పెన్షన్ శాఖ 2024 అక్టోబరులో స్పష్టం చేసింది. అందువల్ల నాన్నగారు సర్వీసులో ఉండగా ఇచ్చిన కుటుంబ వివరాల ఫారం నకలును అడిగి తీసుకోండి, మీ ఇద్దరి పేర్లూ అందులో ఉండే అవకాశం ఎక్కువ. మీ వంతు ఇప్పుడు కాకపోయినా, మీ విడాకుల పిటిషన్, డిక్రీల ధ్రువీకృత నకళ్లను ఇప్పుడే ఆ కార్యాలయానికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత కోర్టు రికార్డు వెతుక్కోవడం కంటే అది తేలిక.

ఆదాయ రుజువు దగ్గర జాగ్రత్తగా ఉండండి. అక్కగారు ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేస్తుంటే 2023-24 ఆర్థిక సంవత్సరానిది ఇవ్వవచ్చు. లేకపోతే రెవెన్యూ అధికారి ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం కావాలి, ఏ స్థాయి అధికారిది చెల్లుతుందో కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగండి. మన దగ్గర ఆదాయ ధ్రువపత్రం అనగానే రేషన్ కార్డులో ఉన్న కుటుంబం మొత్తం ఆదాయాన్ని రాసివ్వడం అలవాటు. మీరంతా తమ్ముడి ఇంట్లో ఉంటున్నారు కాబట్టి ఆయన జీతం అందులో చేరితే అక్కగారి ఆదాయం ఒక్కసారిగా పరిమితికి నాలుగైదు రెట్లు కనిపిస్తుంది, ఫైలు అక్కడే ఆగిపోతుంది. అక్కగారి సొంత ఆదాయం అని విడిగా రాయమని, ఏ కాలానికి సంబంధించిందో కూడా వేయమని దరఖాస్తులోనే కోరండి. బడి నుంచి 2024 జనవరి, ఫిబ్రవరి నెలల జీతం ధ్రువపత్రం, బ్యాంకు నుంచి ఆ ఏడాది వడ్డీ సర్టిఫికెట్ తీసుకుని జతచేస్తే అనుమానానికి తావుండదు.

ఈ జవాబు చదివే మిగతా పాఠకులకు ఒక హెచ్చరిక. ఇదంతా 2004కు ముందు చేరిన, పాత పెన్షన్ ఉన్న కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగుల కుటుంబాలకు. తండ్రి ఆంధ్రప్రదేశ్ లేదా తెలంగాణ ప్రభుత్వంలో టీచరో గుమాస్తానో అయితే వారికి వర్తించేవి 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్స్, వాటి మీద ఆయా ప్రభుత్వాలు ఇచ్చిన జీవోలు. ఆదాయ పరిమితినీ ఇతర షరతులనూ అక్కడే చూసుకోవాలి గానీ 13,500, 14,220 అంకెలను పట్టుకుపోకూడదు. ప్రైవేటు కంపెనీ ఉద్యోగికి ఈపీఎఫ్ కింద వచ్చే 1995 నాటి పెన్షన్ పథకంలోనైతే పిల్లల పెన్షన్ 25 ఏళ్లకు ఆగుతుంది. శాశ్వత వైకల్యం ఉన్న సంతానానికి తప్ప ఆ వయసు దాటిన కూతురికి పెళ్లి కాకపోయినా, భర్త పోయినా, విడాకులైనా అందులో చోటు లేదు.

చివరగా, నోటిమాటగా వచ్చే తిరస్కారాన్ని తీసుకుని ఇంటికి రాకండి. మీకు చెప్పిన ముగ్గురిలో ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు. అక్కగారి ఫారం 10 ఇచ్చి రసీదు తీసుకోండి. తిరస్కరిస్తే ఏ రూలు, ఏ ఉపనిబంధన కింద తిరస్కరించారో రాసివ్వమని అడగండి. జవాబు రాకపోతే కేంద్ర పెన్షన్ శాఖ నడిపే CPENGRAMS పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేసి, 2013 సెప్టెంబరు 11 ఉత్తర్వు తేదీని అందులో రాయండి. 2017 జూలై 19 ఉత్తర్వును ఈ ఫిర్యాదులో కలపకండి, అది మీ కేసుకు సంబంధించింది. ఇప్పుడు తేలాల్సింది మీ అక్కగారి హక్కు ఒక్కటే.